కాగితం మీద మర్యాద, 4వ పాఠం: ‘వారు’ అంటే ఎవరు?

పోయిన పాఠంలో ‘వచ్చిండు, పోయిండు అన్నచోట వచ్చారు, వెళ్లారు అని రాయండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తప్పు నాదే. తర్వాత మీరు రాసి పంపిన అర్జీల్లో ఒకటి ‘మా బోరు ఎండిపోయారు’ అని మొదలైంది. ఇంకొకరి బర్రె ‘చనిపోయారు’. ఒకాయనైతే తన మీద తనే గౌరవం పెట్టుకుని ‘నేను మీ ఆఫీసుకు వచ్చారు’ అని రాశారు. బోరు ఎండిపోయింది, బర్రె చనిపోయింది, నేను వచ్చాను. వీటికి మర్యాద అక్కర్లేదు. మోటారు ఎత్తుకుపోయిన దొంగ సంగతి అడిగారు. ‘గుర్తు తెలియని వ్యక్తులు ఎత్తుకెళ్లారు’ అని రాయండి. అక్కడ ‘-రు’ బహువచనమే, దొంగకు దండం పెట్టినట్టు కాదు.

నువ్వును మీరు చేయడం మీకు వచ్చు కనుక వదిలేస్తున్నాను. ఈసారి నన్ను నిజంగా విసిగించిన సంగతి వేరే ఉంది.

నల్లగొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి ఇవ్వడానికి ఒకరు అర్జీ రాసుకున్నారు. దానికి మూలం ఫోన్‌లో పంపిన మెసేజ్:

‘సార్, జనవరిల అప్లికేషన్ ఇచ్చిన. తహసీల్దార్ సారు సర్వేయర్‌ను పంపిండ్రు. వచ్చిండు, చూసిండు, కొలవకుండనే పోయిండు. ఫోన్ చేస్తే ఎత్తుతలేడు. ఆఫీసుకు పోతే మల్ల రమ్మన్నడు. మీరు జర చెప్పుండ్రి.’

దీన్ని ఆయన మర్యాదగా ఇలా మార్చారు:

‘తహసీల్దారు గారు సర్వేయరు గారిని పంపారు. వారు వచ్చారు, చూశారు, కొలవకుండా వెళ్లారు. ఫోన్ చేస్తే వారు ఎత్తడం లేదు. తమ కార్యాలయానికి వెళ్తే మళ్లీ రమ్మన్నారు. తమరు వారికి చెప్పగలరు.’

ఒక్క మాటలోనూ అమర్యాద లేదు. కానీ కొలవకుండా వెళ్లింది ఎవరు? ఫోన్ ఎత్తనిది ఎవరు? మెసేజ్‌లో ఈ అనుమానమే రాలేదు. ఎందుకంటే మన మాటలో ‘పంపిండ్రు’ తహసీల్దార్‌ది, ‘వచ్చిండు’ సర్వేయర్‌ది. క్రియ చివరే మనిషిని పట్టిచ్చింది. అన్నింటినీ ‘-రు’ చేయగానే ఆ గుర్తు చెరిగిపోయింది. ఇద్దరూ కలిసి వచ్చారనుకున్నా తప్పు కాదు, ‘వారు’ ఇద్దరికీ చెల్లుతుంది కదా.

‘తమ’ ఇంకా చెడ్డది. దానికి ‘మీ’ అనే అర్థం ఉంది, ‘వాళ్ల సొంత’ అనే అర్థం కూడా ఉంది. కలెక్టర్‌కు రాసిన అర్జీలో ‘తమ కార్యాలయానికి వెళ్తే’ అంటే కలెక్టరేట్‌కు వెళ్లినట్టే చదువుకుంటారు. మళ్లీ రమ్మన్నది తన సిబ్బందే అనుకుంటారు. అందుకే నేను ‘తమరు’ వాడను. ‘మీరు’లో ఉన్న గౌరవం ఏ అధికారికైనా చాలు. మీకు తమరే ముద్దయితే వాడండి, క్రియ మాత్రం ‘మీరు’కు వచ్చేదే: తమరు చూశారు, తమరు పంపారు.

నేను చేసేది ఇది. ముందు మన యాసలోనే మొత్తం రాసుకుంటాను. ప్రతి క్రియ మీద పెన్సిల్‌తో ‘ఎవరు?’ అని అడిగి హోదా రాస్తాను. తర్వాతే క్రియ చివర మారుస్తాను. అలా చేస్తే పై అర్జీ ఇలా వస్తుంది:

‘నా భూమి కొలత కోసం జనవరిలో దరఖాస్తు ఇచ్చాను. తహసీల్దారు గారు సర్వేయరును పంపారు. సర్వేయరు పొలం చూశారు, కానీ కొలవలేదు. నేను ఫోన్ చేస్తే సర్వేయరు ఎత్తడం లేదు. తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి అడిగితే సర్వేయరు మళ్లీ రమ్మన్నారు. భూమి కొలిపించవలసిందిగా తహసీల్దారు గారిని ఆదేశించాలని మిమ్మల్ని కోరుతున్నాను.’

సర్వేయరుకు ‘గారు’ ఎందుకు తీసేశారని అడుగుతారు. ‘చూశారు’లో ఆ గౌరవం ఉంది. ప్రతి పేరుకూ గారు తగిలిస్తే ఫిర్యాదు పెళ్లిపత్రికలా ఉంటుంది. ఇంకో సౌకర్యం గమనించారా? ‘కొలవలేదు’, ‘ఎత్తడం లేదు’ నేను, నువ్వు, వారు అందరికీ ఒకటే రూపం. మర్యాద టెన్షన్ లేదు. కానీ ఎవరో చెప్పవు కనుక ముందు హోదా ఉండాల్సిందే.

చివరి మాట కూడా చూడండి. ‘చెప్పగలరు’ అని ఆపేస్తే చెప్పే శక్తి ఉందని అన్నట్టుంటుంది. ‘చెప్పగలరని మనవి’ అనండి, లేదా ‘చెప్పవలసిందిగా కోరుతున్నాను’ అనండి. రెండూ కలిపి ‘చెప్పగలరని కోరుతున్నాను’ అని చాలామంది రాస్తారు, నాకు నచ్చదు.

మేడం అధికారి అయితే ‘వచ్చింది’ రాయొద్దు, ‘వచ్చారు’ అనే రాయండి.

సాధన: పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీవో మేడం, లైన్‌మన్ ముగ్గురూ వచ్చే మెసేజ్ ఒకటి మీ యాసలో రాసి, కలెక్టర్‌కు అర్జీగా మార్చండి. ‘వారు’, ‘తమ’, ‘తమరు’ ఒక్కసారి కూడా రాకూడదు. పది వాక్యాలకు తగ్గొద్దు. రాశాక ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, ‘ఎవరు ఏం చేశారు?’ అని అడగండి. వాళ్లు ఎక్కడ తడబడితే ఆ వాక్యం మళ్లీ రాయండి.