ట్రైనింగ్ పీపీటీని నైట్ డ్యూటీ చెక్‌లిస్ట్‌గా కుదిస్తున్నారా, ఒక్క తప్పు మాత్రం చేయకండి

ఈమధ్య ఒక వార్డులో జరిగింది. రాత్రి రెండున్నరకి ఇన్సులిన్ మీద ఉన్న పేషెంట్‌కి ఒళ్లంతా చెమటలు, సిస్టర్ గ్లూకోమీటర్‌తో చూస్తే 58, వెంటనే గ్లూకోజ్ నీళ్లు తాగించింది, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది, గోడ మీదున్న చెక్‌లిస్ట్‌లో టిక్ కూడా పెట్టింది. పొద్దున ఆరింటికి షుగర్ 38, పిలిస్తే పలకట్లేదు. సమయానికి చూశారు కాబట్టి తేరుకున్నారు.

ఆ చెక్‌లిస్ట్‌లో లైన్ ఇదీ: "షుగర్ తగ్గితే గ్లూకోజ్ ఇచ్చి డాక్టర్‌కి తెలపాలి, పేషెంట్‌ని గమనిస్తూ ఉండాలి." సిస్టర్ అందులో ఉన్నదంతా చేసింది. కానీ ట్రైనింగ్ స్లైడ్‌లో "15 నిమిషాలకి మళ్లీ షుగర్ చూడాలి" అని స్పష్టంగా ఉంది, పేజీలో పట్టట్లేదని కుదించినవాళ్లు దాన్ని "గమనిస్తూ ఉండాలి"గా మార్చేశారు. నేను చూసిన చెక్‌లిస్ట్‌లని పాడుచేసేది ఎక్కువగా ఇదే. అంకె పోతుంది, టైము పోతుంది, "గమనించాలి", "జాగ్రత్త వహించాలి" మిగులుతాయి. గమనించడం అంటే ఒకరికి పది నిమిషాలకోసారి వెళ్లి చూడటం, ఇంకొకరికి దూరం నుంచి పేషెంట్ పడుకున్నాడో లేదో చూడటం. షుగర్ పడిపోయినవాడు కూడా పడుకున్నట్టే కనిపిస్తాడు.

ఆ రెండో టెస్ట్ ఎందుకంటే, తాగించిన గ్లూకోజ్ సరిపోయిందో లేదో దానితోనే తెలుస్తుంది, పైగా ఆ గ్లూకోజ్ పని కాసేపట్లో అయిపోతుంది, ఒంట్లో ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ మళ్లీ జారొచ్చు. ఈ కారణం స్లైడ్‌లో ఉంటే చాలు, పేజీలోకి అక్కర్లేదు. పేజీలోకి రావాల్సింది చేయాల్సిన పని. పెద్దవాళ్లకి మామూలుగా వాడే అంకెలతో రాస్తే ఇలా వస్తుంది (మీరు మాత్రం మీ హాస్పిటల్ ప్రోటోకాల్‌లో ఉన్నవే రాయాలి):

షుగర్ 70 కన్నా తక్కువ, మెలకువగా ఉన్నాడు, మింగగలడు: 15 గ్రాముల గ్లూకోజ్ నోటితో. టైము ____
15 నిమిషాలకి మళ్లీ షుగర్ ____ టైము ____
ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ 15 గ్రాములు, మళ్లీ 15 నిమిషాలకి టెస్ట్.
మత్తుగా ఉన్నా, మింగలేకపోయినా: నోట్లో ఏమీ పోయొద్దు, డాక్టర్‌ని పిలవాలి, ఐవీ డెక్స్‌ట్రోజ్ 25 గ్రాములు.

టిక్ బాక్స్ బదులు ఖాళీ గీత ఎందుకు పెట్టానో చూడండి. టిక్ ఎప్పుడైనా పెట్టేయొచ్చు, రెండో రీడింగ్ రాయాలంటే మాత్రం మంచం దాకా వెళ్లి వేలు గుచ్చాల్సిందే. ఇక డెక్స్‌ట్రోజ్ సంగతి, 25 గ్రాములు అంటే 25 శాతం బాటిల్‌లో 100 మి.లీ., 50 శాతంలో 50 మి.లీ. మీ వార్డులో ఏది ఉంటుందో వెళ్లి చూసి, దాని మి.లీ. లెక్కే రాయండి, రాత్రి మూడింటికి ఆ లెక్క సిస్టర్ చేత చేయించొద్దు.

ఇంకోటి, అన్ని పనులనీ ఒకే జాబితాలో కలిపేయకండి. హ్యాండోవర్, మందుల రౌండ్ లాంటి రోజూ చేసే పనుల జాబితా, అవి చేసేశాక ఏం మిగిలిందో సరిచూసుకోడానికి, వాటికి పొట్టి లైన్లు చాలు. పైన చెప్పిన షుగర్ లాంటివి ఒక్కో లైన్ చదువుతూ చేయాల్సినవి, వాటికి వరుస మారకూడదు, అంకె పోకూడదు.

మిగతావి గబగబా చెప్తా.

ఇన్సులిన్ దగ్గర "యూనిట్లు" అని పూర్తిగా రాయండి, U అని రాస్తే సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది.
0.5 అని రాయండి, .5 వద్దు. 1 అని రాయండి, 1.0 వద్దు.
ఎరుపు, పచ్చ రంగులతో అర్థం చెప్పొద్దు, జిరాక్స్‌లో రెండూ బూడిద రంగే.
డాక్టర్‌కి తెలపాలి అని ఊరుకోవద్దు. ఏ డాక్టర్, ఏ ఎక్స్‌టెన్షన్, ఎత్తకపోతే తర్వాత ఎవరికి.
పేజీలో పట్టలేదని ఫాంట్ తగ్గించొద్దు, ఒక పని తీసేయండి. అంకె తీయొద్దు.
స్లైడ్ నంబరు పక్కన రాసుకుని ప్రతి అంకెనీ ఇంకొకరితో సరిచూపించండి, ఫార్మసిస్ట్ అయితే మరీ మంచిది.
డాక్టర్ సంతకం, తేదీ లేకుండా అంటించొద్దు.
కొత్తది అంటించేటప్పుడు పాతది చించేయండి.
ట్రైనింగ్‌కి రాని సిస్టర్‌కి ఇచ్చి, నైట్ లైట్ వెలుతురులో చదివించి, "ఇప్పుడేం చేస్తావ్, ఎన్నింటికి చేస్తావ్" అని అడగండి. "ఎన్నింటికి" దగ్గర ఆగిపోతే ఆ లైన్ మళ్లీ రాయండి.
"గమనించాలి" అన్న మాట పేజీలో ఎక్కడున్నా వెతికి కొట్టేసి, అక్కడ అంకె, టైము పెట్టండి.