పరీక్షకు ముందు ముద్ర గుర్తు చేయకుండా ఉండటం ఎలా? (లెక్కల టీచర్లకు)

ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లల చేత పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే కాగితం మీద గీసిన చిక్కుదారులు పూర్తి చేయించారు. కులం సంగతి ఎవరూ ఎత్తనప్పుడు దళిత పిల్లలూ అగ్రకులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. తర్వాత వేరే పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి, అవే చిక్కుదారులు ఇచ్చారు. దళిత పిల్లలు పూర్తి చేసినవి ఐదో వంతుకు పైగా తగ్గిపోయాయి. 'ఎలా చేసినా మనకు న్యాయం జరగదులే' అన్న అపనమ్మకం కూడా ఇందులో కలిసి ఉండొచ్చు. 2006లో అచ్చయిన ఈ ప్రయోగం గురించి చదివాక నేను హాజరు పిలిచే తీరే మారిపోయింది.

'మీవాళ్లకు ఇది రాదు' అని లోకం ముద్ర వేసిన చోట, ఆ మాట నా వల్ల నిజమైపోతుందేమోనన్న భయాన్ని సైకాలజీలో స్టీరియోటైప్ థ్రెట్ అంటారు. నేను ముద్ర భయం అంటాను.

అది మార్కుల్ని ఎలా తినేస్తుందో చూడాలంటే 24 × 17 నోటి లెక్కగా చేయండి. 24 పదులు 240. దాన్ని మనసులో పట్టుకుని 24 ఏడులు 168 అనాలి, రెండూ కలిపి 408 తేవాలి. సరిగ్గా ఆ 240ని పట్టుకున్న క్షణంలో 'ఆడపిల్లలకు లెక్కలు రావంటారు, ఇప్పుడు తప్పితే?' అన్న ఆలోచన దూరితే 240 జారిపోతుంది. పాప మళ్లీ మొదటికొస్తుంది. మనసులో అంకెలు నిలుపుకునే చోటు చాలా చిన్నది, అందులో కొంత టెన్షన్ ఆక్రమిస్తుంది. అందుకే సులువైన లెక్కలకు ఏమీ కాదు, నాలుగు మెట్లున్న లెక్క దగ్గరే దెబ్బ. అదీ సబ్జెక్టంటే పట్టింపు ఉన్న పిల్లలకే ఎక్కువ.

1. ఫారాలు పరీక్ష తర్వాత నింపించండి. 'ఎస్సీ, ఎస్టీ, బీసీ వాళ్లు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ లిస్టు రాసుకోవాలి' అని పరీక్ష ముందు అనకండి. ఆ మాటకొస్తే ఎప్పుడైనా ఒక్కొక్కరిని పిలిచి రాసుకోవచ్చు.

2. పేపరు ఇచ్చేటప్పుడు అనే రెండు వాక్యాలు ముందే అనుకుని వెళ్లండి. 1995లో అచ్చయిన ప్రయోగంలో సైకాలజిస్టులు క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అమెరికాలో కాలేజీ విద్యార్థులకు కష్టమైన ఇంగ్లీషు ప్రశ్నలు ఇచ్చారు. 'ఇది మీ తెలివికి పరీక్ష' అన్నప్పుడు నల్లజాతి విద్యార్థులు తెల్లజాతి వాళ్లకన్నా వెనకబడ్డారు. అవే ప్రశ్నల్ని 'సమస్యలు ఎలా సాధిస్తారో తెలుసుకోవడానికి' అని ఇస్తే ఆ తేడా చాలావరకు పోయింది. కాబట్టి 'ఎవరి సత్తా ఏంటో ఈరోజు తేలిపోతుంది' అనొద్దు. నేనైతే ఇలా అంటాను: 'కొన్ని కష్టంగానే ఉన్నాయి. ఎక్కడ ఆగిపోతున్నారో చూసి రేపు అక్కడి నుంచి చెప్తాను.'

మంచి మనసుతో చేసే పొరపాటు కూడా ఒకటుంది. నాతో పనిచేసిన ఒకాయన 'తెలుగు మీడియం వాళ్లు కంగారు పడకండి, మీకోసం తేలిక ప్రశ్నలు పెట్టాను' అనేవారు. ధైర్యం చెబుతున్నాననే ఆయన ఉద్దేశం. వెనక బెంచీలో నలుగురు మాత్రం తల దించుకునేవారు. ఓదార్పైనా సరే, ముద్ర పేరు పెట్టి చెప్తే ముద్ర గుర్తు చేసినట్టే.

3. భయం పేరు పిల్లలకు చెప్పండి. పరీక్ష రోజు కాదు, మామూలు క్లాసులో. 2005లో మైకేల్ జాన్స్, టోనీ ష్మేడర్, ఆండీ మార్టెన్స్ చేసిన ప్రయోగంలో, టెన్షన్‌కు కారణం ఆ ముద్రే కావచ్చని ముందే విన్న అమ్మాయిలు లెక్కల్లో అబ్బాయిలతో సమానంగా చేశారు. గుండె దడ వచ్చినప్పుడు 'నాకు లెక్కలు రావు' అనుకోవడం వేరు, 'ఓహో, ఇది ఆ భయమే' అనుకోవడం వేరు.

4. మధ్య అంకెల్ని కాగితం మీద పెట్టించండి. 240 రాసేస్తే అది ఇక జారదు. రఫ్ వర్క్‌కు జాగా ఇవ్వండి, అది గజిబిజిగా ఉందని మార్కులు కోయకండి.

ఇక ఒక హెచ్చరిక. ఈ ప్రభావం అన్ని చోట్లా కనబడలేదు. నెదర్లాండ్స్‌లో 2,000 మందికి పైగా హైస్కూల్ పిల్లలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో అమ్మాయిల లెక్కల మార్కులు తగ్గలేదు. అందుకని తక్కువ మార్కులన్నిటికీ దీన్నే కారణం చేయకండి. పేపరు తీసి చూడండి. తేలికవి సరిగ్గా చేసి, పొడవైన లెక్కల్లో కొట్టివేతలు, మళ్లీ మొదటి నుంచి రాసిన వరసలు కనబడితే, వారం తర్వాత అలాంటి లెక్కలే మార్కులు లేకుండా ఇచ్చి చూడండి. అప్పుడు చేయగలిగితే భయాన్ని అనుమానించొచ్చు. తేలికవీ తప్పుతుంటే పాఠమే అర్థం కాలేదు, మళ్లీ చెప్పాల్సిందే.