క్యారేజీ ధర పెంచుతున్నామని పాత కస్టమర్లకు ఎలా చెప్పాలి?

ఇళ్లకు, ఆఫీసులకు నెలవారీగా భోజనం క్యారేజీలు పంపేవారి కోసం ఇది. ధర పెంచడం తప్పు కాదు. దాన్ని సణుగుతూనో, దాస్తూనో చెప్పడం తప్పు. కూర గిన్నెలో నీళ్లు పెంచి, ధర మాత్రం పెంచలేదని చెప్పుకునేవాళ్లు ఇంకా ఘోరం. పప్పు పలచబడిందని మూడో రోజుకే తెలిసిపోతుంది.

ముందు నోట్‌బుక్ తీసి కస్టమర్ల పేర్లు, ఎవరు ఎప్పటివరకు అడ్వాన్సు కట్టారో రాసుకోండి. కొత్త ధర ఎంతో తేల్చుకోండి. భోజనం 120 నుంచి 135 రూపాయలు అవుతోందనుకుందాం. ఆదివారాలు పోను 26 రోజులకు 3,120 కాస్తా 3,510 అవుతుంది. కనీసం నెల ముందు చెప్పండి, ఒకటో తేదీ నుంచి అమలు చేయండి. నెల మధ్యలో మార్చితే లెక్కలు మీకే చిక్కుముడి. పండగ శుభాకాంక్షల చివర ధర సంగతి తగిలించకండి.

ఇక అసలు చిక్కు కారణం రాయడంలో ఉంది. చాలామంది గ్యాసు, నూనె, ఉల్లిపాయలు, పెట్రోలు, అద్దె అని చాంతాడంత జాబితా రాస్తారు. అది చదివినవారికి జాలి కలగదు, బేరం గుర్తొస్తుంది. కారణం ఒక్కటే రాయండి. అది నిజమైనదై ఉండాలి, పెంపులో పెద్ద భాగం దానిదే కావాలి, వచ్చే నెల తగ్గిపోయేది కాకూడదు.

మూడో షరతునే అందరూ మరిచిపోతారు. 19 కిలోల వాణిజ్య సిలిండర్ ధర సాధారణంగా ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది, పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. వంటనూనెల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో పెంచి, 2025 మే నెలాఖరున ముడినూనెల మీద తగ్గించింది. నూనె పేరు చెప్పి ధర పెంచితే, సుంకం తగ్గిందన్న వార్త చదివిన కస్టమర్ ‘మరి మాకెప్పుడు తగ్గిస్తారు?’ అని అడుగుతారు. అడిగే హక్కు మీరే ఇచ్చారు.

అందుకే పెంచిన 15 రూపాయలను ముందు కాగితం మీద విడదీయండి. వంటమనిషికి, క్యారేజీలు చేరవేసే అబ్బాయికి పెంచిన జీతాల వాటా 9 రూపాయలు, సరుకులకు 4, మీకు మిగిలేది 2 అనుకుందాం. అప్పుడు రాయాల్సిన కారణం జీతాలే. ఒకసారి పెంచిన జీతం వెనక్కి రాదు, ఆ మాట ఎవరూ తప్పుపట్టరు. అయితే మొత్తం పెంపు జీతాలకేనని రాయకండి, ‘ఎక్కువ భాగం’ అనండి. మీకు మిగిలే రెండు రూపాయల గురించి సంజాయిషీ అక్కర్లేదు, ఎవరైనా అడిగితే మాత్రం దాచకండి.

సందేశం ఇలా ఉంటే చాలు:

‘నమస్కారమండి. జూలై 1 నుంచి మన భోజనం ధర 120 నుంచి 135 రూపాయలు అవుతుంది, అంటే 26 రోజులకు 3,510. వంటమనిషికి, క్యారేజీ తెచ్చే అబ్బాయికి జీతాలు పెంచాం, పెంపులో ఎక్కువ భాగం దానికే. అన్నం, రెండు కూరలు, పప్పు, పెరుగు కొలత మారదు. మీరు ఆగస్టు వరకు కట్టిన అడ్వాన్సుకు పాత ధరే వర్తిస్తుంది. మార్పు ఏదైనా కావాలంటే 25లోపు చెప్పండి.’

పాత ధర, కొత్త ధర రెండూ రెండో వాక్యంలోనే ఉన్నాయి, గమనించండి. ‘తప్పనిసరి పరిస్థితుల్లో, ఎంతో బాధతో’ అన్న మాటలు నేను ఒప్పుకోను. అడ్వాన్సు వాక్యం, అడ్వాన్సు కట్టినవారికి మాత్రమే, వారి నెల పేరుతో.

వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒకరు గొణిగితే పదిమంది వంతపాడతారు. బ్రాడ్‌కాస్ట్ జాబితా మంచిదంటారు గానీ, మీ నంబరు ఫోనులో సేవ్ చేసుకోనివారికి అది చేరదు. విడివిడిగా పంపడమే నా పద్ధతి. ఉదయం పదింటికి, వంట హడావిడి లేని రోజు చూసి పంపండి. బాగా పాతవారికి, ఒంటరిగా ఉండే పెద్దవారికి ముందుగా ఫోను చేయండి.

ఎవరైనా ‘మాకు పాత ధరకే ఇవ్వండి’ అంటే ధర తగ్గించకండి. ఒకే అపార్ట్‌మెంటులో ఇద్దరికి రెండు ధరలుంటే లిఫ్టులోనే బయటపడుతుంది. దానికి బదులు క్యారేజీని తగ్గించండి. అన్నం ఇంట్లో వండుకునేవారికి కూరలు, పప్పు, పెరుగు మాత్రమే 100 రూపాయలకు పంపుతామని చెప్పండి. అడిగిన ప్రతి ఒక్కరికీ అదే ధర చెప్పండి.