ఎస్కలేషన్ మెయిల్ పంపినా మేనేజర్ నిర్ణయం చెప్పడం లేదా? ముందు ఇవి చూడండి

ప్రాజెక్ట్ ఆలస్యమవుతోంది, మేనేజర్‌కి మెయిల్ పెట్టారు, మూడు ఆప్షన్లు రాశారు, వాటిలో మీరు ఏది మంచిదనుకుంటున్నారో కూడా చెప్పారు. అయినా నిర్ణయం రాలేదు. ఇలాంటి మెయిళ్లు ఎన్నో సరిచేశాను. చాలావాటిలో తప్పు మేనేజర్ దగ్గర లేదు, మెయిల్లోనే ఉంది. మర్యాదగా ఎలా రాయాలో, ఎవరిని సీసీలో పెట్టాలో మీకు తెలుసుననే అనుకుంటున్నాను.

సమస్య: జవాబే లేదు, లేదా "నోటెడ్" అని ఒక్క మాట వచ్చింది

కారణం: మీరు నిర్ణయం అడుగుతున్నారని ఆయనకు అర్థం కాలేదు. పంపిన మెయిల్‌ని ఫోన్లో తెరవండి. స్క్రీన్ కిందికి జరపకుండా సబ్జెక్ట్ లైన్, మొదటి రెండు వాక్యాలు మాత్రం చదవండి. ఏం అడుగుతున్నారో, ఎప్పటికి కావాలో అక్కడ కనబడుతోందా? చాలా మెయిళ్లలో ఆ చోట "కిందటి నెల మొదలైన ఇంటిగ్రేషన్ పనికి సంబంధించి..." అంటూ చరిత్ర ఉంటుంది, అడగాల్సింది ఐదో పేరాలో ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే "మా మేనేజర్ పట్టించుకోరు" అనేస్తారు. దయచేసి ముందు ఇది చూడండి.

పరిష్కారం: సబ్జెక్ట్‌లో "స్టేటస్ అప్‌డేట్" తీసేసి "నిర్ణయం కావాలి, జూన్ 6 లోపు: పేమెంట్ రిలీజ్ ఆలస్యం" అని పెట్టండి. మొదటి వాక్యంలో ఎంత ఆలస్యమో, రెండో వాక్యంలో మీ సిఫారసు రాయండి. చరిత్రంతా కిందికి పోవాలి.

సమస్య: "మూడూ కలిపి చేయలేమా?" అని అడిగారు

కారణం: ప్రతి ఆప్షన్‌కీ లాభం రాశారు, దేన్ని వదులుకోవాలో రాయలేదు. పరిష్కారం చిన్నదే. ఒక్కో ఆప్షన్ కింద "దీనివల్ల పోయేది" అని ఒక వాక్యం చేర్చండి. పోయేది ఏమీ లేని ఆప్షన్ ఉంటే, దాన్ని ఎస్కలేట్ చేయకుండా మీరే చేసేయండి.

సమస్య: "సరే, వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నారు. వచ్చే వారానికి మంచి ఆప్షన్ చేజారిపోయింది

ఇదే నన్ను ఎక్కువగా దెబ్బతీసింది. మెయిల్ చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి లోపం ఎక్కడుందో దొరకదు. సబ్జెక్ట్ బాగుంటుంది, ఆప్షన్లు ఉంటాయి, సిఫారసు ఉంటుంది, "వీలైనంత త్వరగా చెప్పండి" అని కూడా ఉంటుంది. లేనిది ఒక్కటే: ఏ ఆప్షన్ ఎప్పటివరకు బతికి ఉంటుందన్నది. ఆప్షన్లను పక్కపక్కన పెట్టి రాస్తే అన్నీ ఎప్పటికీ అలాగే ఉంటాయనిపిస్తుంది. కానీ ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది. అది మీకు తెలుసు, మేనేజర్‌కి తెలియదు. అందుకే ఆయన నింపాదిగా వచ్చే వారం అన్నారు.

ఒక ఉదాహరణ చూద్దాం. రిలీజ్ జూన్ 30న. పేమెంట్ సంస్థ టెస్ట్ సిస్టమ్‌ను ఆలస్యంగా ఇచ్చింది, దాంతో రీఫండ్ భాగం 10 పనిదినాలు వెనకబడింది. మెయిల్ వెళ్లేది జూన్ 3, మంగళవారం. దారులు మూడు. ఏ: మొత్తం రిలీజ్‌ని జూలై 14కి జరపడం. బి: రీఫండ్ లేకుండా జూన్ 30నే వదిలి, దాన్ని జూలై 14న చేర్చడం. సి: పక్క టీమ్ నుంచి ఇద్దరిని తెచ్చుకోవడం.

ఇప్పుడు ఒక్కోదానికి వెనక్కి లెక్కేయండి. పక్క టీమ్ కొత్త స్ప్రింట్ జూన్ 9, సోమవారం మొదలవుతుంది. ఒకసారి మొదలైతే వాళ్లను కదిలించలేం, కాబట్టి సికి గడువు 6, శుక్రవారం. తగ్గించిన రిలీజ్‌కి టెస్టింగ్ 10 పనిదినాలు పడుతుంది, అది 16న మొదలైతేనే 27కి పూర్తవుతుంది, కాబట్టి బికి గడువు 13. తేదీ మారితే కస్టమర్‌కి 14 రోజుల ముందు చెప్పాలన్న ఒప్పందం ఉంది, కాబట్టి ఆప్షన్ ఏకి గడువు 16. ఎవరూ ఏమీ చెప్పకపోతే 13 దాటాక మిగిలేది ఆప్షన్ ఏ ఒక్కటే. మౌనంగా ఉన్నా ఒక నిర్ణయం జరిగిపోతుంది, అది అందరికీ నచ్చనిది.

మీది ఇదే జబ్బో కాదో తెలుసుకోవడానికి ప్రతి ఆప్షన్‌నీ ఒకే ప్రశ్న అడగండి: జవాబు ఐదు రోజులు ఆలస్యంగా వస్తే ఇది ఇంకా చేయగలమా? ఒక్కదానికైనా "లేదు" అని వస్తే, మెయిల్లో ఆ తేదీ లేకపోతే, కారణం దొరికినట్టే.

సరిచేశాక మెయిల్ ఇలా ఉంటుంది:

> రీఫండ్ భాగం 10 పనిదినాలు ఆలస్యం, జూన్ 30కి పూర్తి కాదు. నా సిఫారసు బి: రీఫండ్ లేకుండా 30నే రిలీజ్. మీ నిర్ణయం 6వ తేదీ సాయంత్రంలోపు కావాలి.
>
> ఏ. అంతా జూలై 14కి. పోయేది: కస్టమర్‌కి ఇచ్చిన తేదీ. గడువు జూన్ 16 (14 రోజుల నోటీసు).
> బి. రీఫండ్ తర్వాత. పోయేది: రెండు వారాలు రీఫండ్లు సపోర్ట్ టీమ్ చేత్తో చేయాలి. వాళ్లు ఒప్పుకున్నారు. గడువు జూన్ 13 (టెస్టింగ్).
> సి. పక్క టీమ్ నుంచి ఇద్దరు. పోయేది: వాళ్ల స్ప్రింట్‌లో పని, మొదటి వారం నేర్పడానికే. గడువు జూన్ 6 (వాళ్ల స్ప్రింట్).
>
> 13లోపు నిర్ణయం లేకపోతే ఆప్షన్ ఏ ఒక్కటే మిగులుతుంది.

ఇందులో ఒకటి గమనించండి. నేను సిఫారసు చేసింది బి, దాని గడువు 13. అయినా జవాబు 6కే అడిగాను. 13 అని రాస్తే మేనేజర్ చూసేసరికి సి పోయి ఉంటుంది. ఆయనకున్న ఒక దారిని మీరే చెప్పకుండా మూసేసినట్టవుతుంది. అందుకే అడగాల్సింది అన్నిటికంటే ముందు అయిపోయే ఆప్షన్ తేదీ.

గడువు పక్కన కారణం తప్పకుండా రాయండి. భయపెట్టడానికి రెండు రోజులు ముందుకు జరిపి రాసేవాళ్లున్నారు. అది ఒకసారి బయటపడితే తర్వాత మీరు రాసే ఏ తేదీనీ నమ్మరు. ఇంకొందరు "జవాబు రాకపోతే బి మొదలుపెట్టేస్తాను" అని రాస్తారు. మీ టీమ్ లోపలి పనికైతే ఫర్వాలేదు. కస్టమర్‌కి ఇచ్చిన మాట, డబ్బు, వేరే టీమ్ మనుషులు ముడిపడి ఉంటే అలా రాయకండి. ఆ అధికారం మీది కాదు.

6వ తేదీ ఉదయానికీ జవాబు లేకపోతే కొత్త మెయిల్ వద్దు. అదే థ్రెడ్‌లో "సి ఈ సాయంత్రంతో అయిపోతుంది" అని ఒక్క వాక్యం పెట్టి, ఫోన్ చేయండి. సాయంత్రం దాటితే అదే చోట "సి ఇక లేదు, మిగిలినవి ఏ, బి. బి కోసం 13లోపు చెప్పండి" అని రాయండి. పోయిన ఆప్షన్‌ని అలాగే వదిలేస్తే పది రోజుల తర్వాత ఆయన దాన్నే ఎంచుకుంటారు, అప్పుడు అది కుదరదని మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మిగతా కారణాలు

మేనేజర్ సెలవులో ఉండటం: ఆటో రిప్లై చూడండి, ఆయన బదులు ఎవరున్నారో వాళ్లకి పంపండి. నిర్ణయం ఆయన పరిధిలో లేకపోవడం: అప్పుడు అడగాల్సింది నిర్ణయం కాదు, పైవాళ్లకి పంపమని. మెయిల్ స్పామ్‌లోకి పోవడం: ఒకే ఆఫీసులో ఇది అరుదు, పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.