పెద్దవాళ్ల మందుల సంచి: కొత్త బాధ కనబడితే ముందు తేదీలు అడగండి

"వృద్ధుల్లో పాలీఫార్మసీ, మందుల దుష్ప్రభావాలు" అన్న సెమినార్ ఎవరికి పడినా, మొదటి పావుగంట నిర్వచనాలకే పోవడం ఏళ్ల తరబడి చూస్తున్నాను. రోజూ ఐదు లేదా అంతకన్నా ఎక్కువ మందులు వాడటాన్ని మామూలుగా పాలీఫార్మసీ అంటారని ఒక్క వాక్యంలో చెప్పి కదలండి. ఉన్న 45 నిమిషాల్లో పది నిమిషాలు మందుల సంచికి, పాతిక నిమిషాలు ఒక్క కేసుకి, మిగతా పది ఇతర కారణాలకి పెట్టుకోండి. ఇక్కడ బెంగళూరులో నర్సింగ్ చదువుతున్న మన తెలుగు పిల్లలకి నేను ఈ సెమినార్ చెప్పించే పద్ధతి ఇదే.

లక్షణం: "వయసు కదమ్మా, అంతే"

తల తిరగడం, బాత్‌రూంలో పడిపోవడం, పాదాల వాపు, మలబద్ధకం, మాట తడబాటు, రాత్రిపూట తికమక. ఇవన్నీ మందుల వల్ల రావచ్చు, వయసు వల్లా రావచ్చు. చిక్కంతా అక్కడే. పాతికేళ్ల కుర్రాడికి మందు పడకపోతే దద్దుర్లో, వాంతులో కనిపిస్తాయి. డెబ్బై దాటినవాళ్లకి మందు పడకపోతే అది ముసలితనంలాగే కనిపిస్తుంది. కాబట్టి బాధ "ఈమధ్యే" మొదలైందని విన్న వెంటనే, ఆ ఈమధ్యలో ఏ మందు కొత్తగా చేరింది, దేని డోసు పెరిగింది అని అడగాలి.

అందరూ వదిలేసే తనిఖీ: సంచి బోర్లించడం

కేస్ షీట్‌లో మందుల పట్టిక చూసి "హిస్టరీ తీసుకున్నాం" అంటారు. అది డాక్టరు రాసిన పట్టిక. మనిషి మింగుతున్న మందుల పట్టిక వేరే ఉంటుంది.

"ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీకి, షుగర్‌కి అని రెండు చెప్పి ఆగిపోతారు. అలా కాకుండా, "అవ్వా, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసి తెప్పించండి, అయిపోయిన స్ట్రిప్పులతో సహా" అని అడగండి. తెచ్చాక మంచం మీద పరచండి. నొప్పి బిళ్ళలు, గ్యాస్ బిళ్ళలు, నిద్ర మాత్రలు, కంటి చుక్కలు, ఆయుర్వేదం పొడి, పక్కింటావిడ ఇచ్చిన మాత్ర, అన్నీ అందులో ఉండాలి. ఒక్కొక్క స్ట్రిప్ చేతిలో పెట్టి మూడే ప్రశ్నలు: ఇది దేనికి, ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారు, ఎప్పటినుంచి?

మన పెద్దవాళ్లలో చాలామందికి మాత్ర పేరు తెలియదు. "తెల్ల బిళ్ళ", "సగం విరిచేది" అని గుర్తుపెట్టుకుంటారు. షాపు మారి స్ట్రిప్ మారితే అదే మందు రెండు పేర్లతో సంచిలోకి చేరుతుంది. ఊళ్లో బీపీకి రాసిన అమ్లోడిపిన్ ఒకటి, ఇక్కడి డాక్టరు రాసిన టెల్మిసార్టన్, అమ్లోడిపిన్ కలిసిన మాత్ర ఇంకొకటి, రెండూ రోజూ మింగుతున్నవాళ్లని చాలాసార్లు చూశాను. అందుకే బ్రాండు పేరు వదిలేసి, దాని దగ్గరే ఉండే అసలు మందు పేరు చదవాలి.

నన్ను దెబ్బతీసిన కారణం: మందు మీద మందు

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని, దానికి ఇంకో మందు రాయడాన్ని ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారు. 1990లలో రోషోన్, గుర్విట్జ్ అనే పరిశోధకులు దీనికి ఈ పేరు పెట్టారు. ఇది దొరకకుండా పోవడానికి కారణం, గొలుసులో ఏ లంకెని విడిగా చూసినా తప్పు కనిపించకపోవడమే. బీపీ ఎక్కువుంటే డోసు పెంచారు, వాపు ఉంటే నీరు తీసే మందు ఇచ్చారు, తల తిరిగితే దానికి మాత్ర రాశారు. ప్రతి చీటీ సబబుగానే ఉంటుంది.

మదనపల్లె నుంచి వచ్చి మారతహళ్లిలో కొడుకు దగ్గర ఉంటున్న 76 ఏళ్ల అవ్వ మా వార్డులో చేరింది. బాత్‌రూంలో పడి మణికట్టు విరిగింది. చేతులు బిగుసుకుని ఉన్నాయి, అడుగు చిన్నగా ఈడుస్తోంది, మొహంలో కదలిక లేదు. పార్కిన్సన్స్ అనుమానం అని రాసి, లెవొడోపా మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నారు. నాలుగు రోజులు ఆమె మందులు నా చేత్తోనే ఇచ్చాను. ఏది ఎప్పుడు మొదలైందో ఒక్కసారీ అడగలేదు. ఐదో రోజు కోడలు పాత చీటీలన్నీ ప్లాస్టిక్ కవర్లో తెస్తే, తేదీల ప్రకారం వరసగా పెట్టాను.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో ఎసెక్లోఫెనాక్ కొనిచ్చారు. పనిచేసింది కాబట్టి రోజుకి రెండు చొప్పున వాడుతూనే ఉంది. దీనికి చీటీయే లేదు. అడిగితే, "అది నొప్పి బిళ్ళమ్మా, మందు కాదు కదా" అంది. ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతాయి. ఫిబ్రవరిలో బీపీ 160 దాటేసరికి అమ్లోడిపిన్‌ని 5 నుంచి 10 మిల్లీగ్రాములకి పెంచారు.

మూడు వారాలకి పాదాలు ఉబ్బాయి. మెట్టెలు వేళ్లలోకి దిగిపోతే సబ్బు రాసి తీశామని కోడలు చెప్పింది. అమ్లోడిపిన్ డోసు పెరిగేకొద్దీ ఈ వాపు వచ్చే అవకాశం పెరుగుతుంది. సన్నని ధమనులు వెడల్పవుతాయి, సిరలు అంతగా వెడల్పవవు. దాంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువవడం వల్ల వచ్చిన వాపు కాదు కాబట్టి నీరు తీసే మందుకి సరిగ్గా లొంగదు. అయినా ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు రాశారు.

ఇక నీరు బయటికి పోవడం మొదలైంది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. వేరే క్లినిక్‌లో దాన్ని చెవి సమస్య వల్ల వచ్చే వర్టిగో అనుకుని ప్రోక్లోర్‌పెరజైన్ రోజుకి మూడుసార్లు ఇచ్చారు. తగ్గలేదు కాబట్టి ఆపలేదు, రెండు నెలలు వాడింది. ఆ మందు మెదడులో డోపమిన్‌ని అడ్డుకుంటుంది. బిగుసుకున్న చేతులు, ఈడ్చే అడుగులు అక్కణ్ణుంచి వచ్చాయి. లెవొడోపా కూడా చేరి ఉంటే గొలుసుకి ఇంకో లంకె పడేది.

ఎలా పసిగట్టాలి

అమ్లోడిపిన్ వాపు రెండు కాళ్లకీ వస్తుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది. మెడ నరాలు ఉబ్బవు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం రాదు, గుండె వైఫల్యంలోలాగా నాలుగు రోజుల్లో రెండు మూడు కిలోల బరువు పెరగదు. ఒకే కాలు వాచి నొప్పిగా ఉంటే అది వేరే సంగతి, రక్తం గడ్డ ఉందేమోనని వెంటనే డాక్టరుకి చెప్పాలి.

తల తిరుగుతోందంటే పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక బీపీ చూడండి. నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పక్కన మనిషి ఉండాలి, కూలిపోవచ్చు. పైసంఖ్య 20 గానీ, కిందిది 10 గానీ పడిపోతే అది చెవి సమస్య అనుకోకముందే బీపీ మందుల వైపూ నీరు తీసే మందు వైపూ చూడాలి. అవ్వకి పడుకుని 138/80 ఉంటే నిలబడ్డాక 112/68కి పడింది. ఈ కొలత అంతవరకూ ఎవరూ తీయలేదు, నేను కూడా.

బిగుసుకుపోవడం రెండు వైపులా దాదాపు ఒకేలా ఉండి, కొద్ది వారాల్లోనే ముదిరితే మందు మీద అనుమానం పెంచుకోండి. పార్కిన్సన్స్ ఎక్కువగా ఒక పక్క మొదలై నెమ్మదిగా పాకుతుంది. ఇది సూచన మాత్రమే, తేదీలతో కలిపి చూస్తేనే బలం.

గొలుసు విప్పడం

ఆపడం, మార్చడం డాక్టరు పని. తేదీల పట్టిక, నిలబడినప్పటి బీపీ, బరువు, పొటాషియం రిపోర్టు ఒకే కాగితం మీద రాసి రౌండ్స్‌లో చేతికివ్వడం మన పని. "సార్, ఈ మందు మొదలయ్యాకే ఇది వచ్చింది, ఒకసారి చూస్తారా" అంటే చాలు. ఆ కాగితం చూశాక మా ఫిజీషియన్ లెవొడోపా ఆలోచన పక్కన పెట్టారు.

అవ్వకి ముందు ప్రోక్లోర్‌పెరజైన్, ఎసెక్లోఫెనాక్ ఆపి, మోకాళ్లకి పారాసెటమాల్ ఇచ్చారు. ఎకో తీసి గుండె వైఫల్యం లేదని తేలాకే ఫ్యూరోసెమైడ్ ఆపారు. 3.1కి తగ్గిన పొటాషియం సరిచేశారు. నొప్పి మాత్ర మానాక బీపీ దిగడం మొదలైంది, అప్పుడు అమ్లోడిపిన్‌ని మళ్లీ 5కి తెచ్చారు. ఈ మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. వాపు తగ్గడానికి రెండు వారాలు పట్టింది. చేతుల బిగుతు పూర్తిగా వదలడానికి దాదాపు మూడు నెలలు. మందు ఆపిన వారానికే "తగ్గలేదు, కాబట్టి మందు కాదు" అని తేల్చేస్తే ఇక్కడే పొరబడతారు.

అన్నీ ఒకేసారి, ఠక్కున ఆపకూడదు. ఎక్కువకాలం వాడిన నిద్ర మాత్రలు, స్టెరాయిడ్లు, బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకి ఫ్యూరోసెమైడ్ మనం చెప్పి మాన్పిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

మిగతా కారణాలు

కిడ్నీ సంగతి ఒక్కటి తప్పక చెప్పండి. 76 ఏళ్లు, 44 కిలోలు, క్రియాటినిన్ 1.0 ఉంటే రిపోర్టులో నార్మల్ అనే వస్తుంది. కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్కలో 140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, క్రియాటినిన్‌ని 72తో హెచ్చించి దాంతో భాగించాలి. స్త్రీ అయితే 0.85తో గుణించాలి. నిమిషానికి దాదాపు 33 మిల్లీలీటర్లే వస్తుంది. కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది, అందుకే రిపోర్టు మనల్ని మోసం చేస్తుంది. మూత్రంలో పోయే మందులకి ఈ లెక్క వేశాకే డోసు.

అలెర్జీ, జన్యుపరమైన తేడాలు, మందుల షాపు పొరపాటు, ఇవీ ఉంటాయి. వాటికి ఒక్క స్లైడ్ చాలు. పెద్దవాళ్లకి వీలైనంతవరకూ ఇవ్వకూడని మందుల బీర్స్ జాబితా 1991లో వచ్చిందనీ, 2023లో మళ్లీ సవరించారనీ చెప్పండి, పట్టికంతా చదవొద్దు.

చివర్లో పిల్లల చేతికి ఒక సంచి ఇవ్వండి. ఖాళీ స్ట్రిప్పులు ఎనిమిది, చీటీలు నాలుగు, వాటిలో ఒక మందుకి చీటీ లేకుండా చూడండి. తేదీల వరస వాళ్లే పేర్చాలి. అనుమానం బలపడిన కేసుని, మందుల దుష్ప్రభావాలని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకి నర్సులు కూడా నేరుగా తెలపవచ్చు, టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. మందే కారణమని రుజువు అయ్యేదాకా ఆగనక్కర్లేదు, అనుమానం చాలు. అలా తెలిపే ఫారం నకలు తీసుకెళ్లి, అవ్వ కేసుతో అక్కడే నింపించండి. మందు మొదలైన తేదీ, బాధ మొదలైన తేదీ రాసే గడుల దగ్గర ఎవరి పెన్ను ఆగుతుందో చూడండి.