బొమ్మల కాగితం లేకుండా పుస్తకాల అల్మరా

విడిభాగాలుగా వచ్చే అల్మరాను ఎలా బిగించాలో చూపే బొమ్మల కాగితం పోతే, బిగించేవారికి ఫోనులో మాటలతోనే చెప్పవచ్చు. "పెద్ద చెక్క, చిన్న చెక్క" అంటే గందరగోళమే. రంధ్రాలను, అంచులను బట్టి పేర్లు పెట్టండి.

పొడవుగా ఉండి, ఒక ముఖాన సన్నని రంధ్రాలున్నవి పక్క పలకలు. ఆ ముఖం లోపలికి రావాలి. అంచు దగ్గర సన్నని గాడి ఉంటే అది వెనుకవైపు. పలుచని వెనుక అట్ట అందులోకే జారుతుంది. ముందుగా ఆ రంధ్రాల్లో గుండీ తల మరమేకులు చివరిదాకా బిగించమనండి. తర్వాత అడ్డ పలకల చివర ఉన్న గుండ్రని గుంతల్లో లోహపు బిళ్లలు పెట్టాలి. వాటి మీది బాణం గుర్తు దగ్గరి అంచు వైపు చూడాలి, అసలు కిటుకు ఇదే. అడ్డ పలకను పక్క పలకకు ఆనించి నెట్టగా మేకు తల దాని లోపలికి వెళ్లాక బిళ్లను కుడివైపు దాదాపు సగం చుట్టు తిప్పితే పట్టేస్తుంది. ఊరికే గిరగిరా తిరిగితే తల చిక్కలేదన్నమాట; పలకను ఇంకా లోపలికి నెట్టించండి.