అమ్మకం, వడ్డీ, ఖర్చు కదిపినప్పుడు ఎన్‌పీవీ తప్పుగా కదులుతోందా? తాడిపత్రి నాపరాయి యూనిట్ లెక్కతో సమస్యలు, పరిష్కారాలు

తాడిపత్రిలో ఒక నాపరాయి పాలిష్ యూనిట్ పెట్టాలనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే, మార్కెట్ రేట్లు కావు. పెట్టుబడి 60 లక్షలు. ఏడాదికి 3 లక్షల చదరపు అడుగుల అమ్మకం. అడుగు ధర 24 రూపాయలు. రాయి, కరెంటు, కూలి, పాలిష్ సామాను కలిపి అడుగుకు 14 రూపాయల ఖర్చు. అద్దె, జీతాలు, మరమ్మతుల వంటి స్థిర ఖర్చు ఏడాదికి 10 లక్షలు. కాలం 5 ఏళ్లు. ముందు ముందు వచ్చే డబ్బును ఈరోజు విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 12 శాతం. పన్ను, చివర్లో మిషన్ల అమ్మకం విలువ, వర్కింగ్ క్యాపిటల్ పక్కన పెట్టాం.

అడుగుకు 10 రూపాయలు మిగులుతుంది కాబట్టి 3 లక్షల అడుగులకు 30 లక్షలు. స్థిర ఖర్చు పోతే ఏడాదికి 20 లక్షలు చేతికొస్తాయి. ఏటా ఒక రూపాయి చొప్పున 5 ఏళ్లు వస్తే, 12 శాతం దగ్గర దాని ఈరోజు విలువ 3.6048 రూపాయలు; ఇదే గుణకం. 20 లక్షలను దాంతో గుణించి 60 లక్షలు తీసేస్తే 12.10 లక్షలు. రాబోయే నగదు ఈరోజు విలువలోంచి పెట్టుబడి పోగా మిగిలే ఈ అంకే ఎన్‌పీవీ. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే.

సమస్య: అమ్మకం 10 శాతం తగ్గిస్తే ఒక్కో షీట్‌లో ఒక్కో జవాబు

ఒకే యూనిట్‌కు ముగ్గురు ఎక్సెల్ షీట్ వేస్తే ఒకరికి 4.89 లక్షలు, ఇంకొకరికి మైనస్ 13.86 లక్షలు, మూడో వారికి 1.28 లక్షలు రావచ్చు. అసలు లెక్కలో ముగ్గురికీ 12.10 లక్షలే కనిపిస్తుంది. అందుకే ఈ తప్పు అమ్మకం కదిపేదాకా బయటపడదు.

కారణం ఖర్చును రాసిన తీరులో ఉంది. 4.89 వచ్చిన షీట్‌లో స్థిర ఖర్చు 10 లక్షలను 3 లక్షల అడుగులకు పంచి, అడుగుకు 3.33 రూపాయలుగా కలిపేశారు. అప్పుడు అమ్మకం తగ్గితే అద్దె, జీతాలు కూడా తగ్గినట్టు షీట్ లెక్కేస్తుంది. షెడ్డు యజమాని అలా తగ్గించడు. మైనస్ 13.86 వచ్చిన షీట్‌లో దానికి ఎదురు తప్పు ఉంది: అడుగు ఖర్చును గుణించకుండా 42 లక్షలని మొత్తం అంకెను టైప్ చేసేశారు. అమ్మకం తగ్గినా అంతే రాయి కొంటున్నట్టు, అంతే కూలి ఇస్తున్నట్టు లెక్క నడుస్తుంది.

సరైన జవాబు 1.28 లక్షలు. 2.7 లక్షల అడుగుల మీద 27 లక్షలు మిగిలి, స్థిర ఖర్చు పోగా 17 లక్షలు. షీట్‌ను ఇలా కట్టండి: B1 లో అమ్మకం, B2 లో ధర, B3 లో అడుగు ఖర్చు, B4 లో స్థిర ఖర్చు, B5 లో రేటు, B6 లో పెట్టుబడి. ఆరు అంకెలూ ఒక్కసారే టైప్ చేయాలి. కింది మొదటి సూత్రాన్ని C12 నుంచి G12 దాకా ప్రతి ఏడాదికీ, రెండోదాన్ని ఎన్‌పీవీ గడిలో పెట్టండి.

```
=$B$1*($B$2-$B$3)-$B$4
=-B6+NPV(B5,C12:G12)
```

సరిగ్గా కట్టారో లేదో తెలుసుకోవాలంటే B1 లో సున్నా పెట్టండి. ఏడాది నగదు కచ్చితంగా మైనస్ 10 లక్షలు రావాలి. సున్నా వస్తే స్థిర ఖర్చు అడుగుల్లో కలిసిపోయిందన్నమాట. మైనస్ 52 లక్షలు వస్తే అడుగు ఖర్చు మొత్తంగా టైప్ అయిపోయింది.

ఇక్కడే గమనించాల్సింది: అమ్మకం 10 శాతం తగ్గితే ఎన్‌పీవీ దాదాపు 89 శాతం కరిగిపోయింది. ఇది షీట్ తప్పు కాదు. స్థిర ఖర్చు, పెట్టుబడి కదలకుండా ఉండగా మిగులు మాత్రమే తగ్గడం వల్ల వచ్చిన ఫలితం. సుమారు 2.66 లక్షల అడుగుల దగ్గర ఎన్‌పీవీ సున్నా అవుతుంది, అంటే 11 శాతం తగ్గుదలనే ఈ యూనిట్ తట్టుకోగలదు.

సమస్య: ఎన్‌పీవీ 12.10 బదులు 10.80 వస్తోంది

పెట్టుబడిని కూడా NPV సూత్రం బ్రాకెట్ల లోపల చేర్చారు. ఎక్సెల్ ఆ సూత్రంలో మొదటి అంకెను ఈరోజుది కాదు, ఏడాది చివరిదిగా తీసుకుంటుంది. దాంతో మొత్తం ఒక ఏడాది ఎక్కువగా డిస్కౌంట్ అవుతుంది. లాభం నష్టంగా మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైన రాసినట్టు పెట్టుబడిని సూత్రం బయట ఉంచండి.

సమస్య: డిస్కౌంట్ రేటు కదిపినా పెద్దగా తేడా రావడం లేదు

ముందుగా "10 శాతం పెంచాం" అన్నప్పుడు ఏం చేశారో చూడండి. 12 ను 13.2 చేస్తే ఎన్‌పీవీ 10.00 లక్షలకు దిగుతుంది. 12 ను 22 చేస్తే మైనస్ 2.73 లక్షలు. మాట ఒకటే, పని రెండు రకాలు. రేటును శాతంలో శాతంగా కాకుండా పాయింట్లలో కదపాలి. బ్యాంకు 11 నుంచి 14 మధ్య ఇస్తుందనుకుంటే ఆ రెండు కొసలే పెట్టండి: 13.92, 8.66 లక్షలు. ఎన్‌పీవీ సున్నా అయ్యేది 19.9 శాతం దగ్గర.

కాలం 5 ఏళ్లే కావడం, నగదు మొదటి ఏడాది నుంచే సమానంగా రావడం వల్ల ఈ యూనిట్‌కు వడ్డీ ప్రమాదం నిజంగానే తక్కువ. అదే 20 ఏళ్ల ప్రాజెక్టయితే ఇలా ఉండదు. కాబట్టి తేడా రాలేదని షీట్‌ను అనుమానించనక్కర లేదు.

సమస్య: Data Table లో అన్ని గడుల్లోనూ ఒకే అంకె

ఒక అంకెకు వేర్వేరు విలువలు పెట్టి, వచ్చే ఎన్‌పీవీలన్నీ ఒకేచోట చూపే ఎక్సెల్ పట్టిక Data Table. అందులో అంకెలు మారకపోతే Formulas లో Calculation Options తెరిచి చూడండి. డేటా టేబుళ్లను వదిలేసి లెక్కించే ఎంపిక ఉంటే F9 నొక్కాలి, లేదా Automatic కు మార్చాలి. అప్పటికీ మారకపోతే ఇన్‌పుట్ గడిగా వేరే గడిని చూపించారేమో చూడండి. ఆ గడి టేబుల్ ఉన్న షీట్‌లోనే ఉండాలి.

సమస్య: ఒక్కోటి కదిపితే లాభమే, అసలు వ్యాపారంలో నష్టం

ఇది అన్నిటికంటే ముఖ్యమైంది. అడుగు ఖర్చు 5 శాతం పెరిగి 14.70 అయితే ఎన్‌పీవీ 4.53 లక్షలు. అమ్మకం 10 శాతం తగ్గితే 1.28 లక్షలు. విడివిడిగా రెండూ లాభమే. రెండూ కలిస్తే మైనస్ 5.53 లక్షలు.

ఒకదాన్ని కదిపి మిగతావి ఆపేసే పద్ధతి వల్ల ఇది కనిపించదు. నాపరాయి పనిలో ఈ రెండూ ఒకే కారణంతో రావచ్చు: వానలకు గనిలో నీరు నిలిస్తే రాయి దొరకదు, దొరికినది ప్రియమవుతుంది, పాలిష్ అయ్యే అడుగులు తగ్గుతాయి. అందుకే ఏ అంకెలు కలిసి కదులుతాయో ముందు రాసుకుని, వాటికి రెండు వైపుల Data Table వేయండి. పై వరుసలో అమ్మకం, పక్క నిలువులో అడుగు ఖర్చు, మూల గడిలో ఎన్‌పీవీకి లింకు. Row input cell గా B1, Column input cell గా B3 ఇవ్వాలి. ఇవి తారుమారైతే 3 లక్షలు అడుగు ఖర్చుగా వెళ్లి ఎన్‌పీవీ భయంకరమైన మైనస్‌లో పడుతుంది, కాబట్టి వెంటనే పట్టుకోవచ్చు.

అడుగు ఖర్చును మొత్తంగా 10 శాతం పెంచి చూడడం కూడా సరి కాదు. అలా చేస్తే మైనస్ 3.04 వస్తుంది, కానీ రాయి, కరెంటు, కూలి ఒకేసారి అంత పెరగడం అరుదు. 14 రూపాయల్లో రాయి 8 అనుకుంటే, రాయి ఒక్కటే 10 శాతం పెరిగినప్పుడు ఎన్‌పీవీ 3.44 లక్షలు. ఖర్చును ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ గత బిల్లుల్లో కనిపించిన కనిష్ఠ, గరిష్ఠ రేట్లు పెట్టండి. అడుగు ఖర్చు 15.12 రూపాయలు దాటితే ఎన్‌పీవీ మైనస్ అవుతుంది. రాయి కొనే ఒప్పందం మాట్లాడేటప్పుడు, మిగతా ఖర్చులు 6 రూపాయలే ఉంటే రాయికి 9.12 రూపాయలకు మించి ఒప్పుకోకూడదు.